పాలు, పాలు, పాలు... 30 సెకన్లలో మాటకు ఏమవుతుంది?

ఎవరినైనా కూర్చోబెట్టి ‘పాలు’ అని ఒక్కసారి పైకి అనమంటే, అన్న క్షణంలోనే వాళ్ల మనసులో చాలా జరిగిపోతుంది. తెలుపు కనిపిస్తుంది. పొద్దున్నే గుమ్మం దగ్గర పడి ఉన్న చల్లటి ప్యాకెట్ గుర్తొస్తుంది. స్టవ్ మీద పొంగి మాడిన వాసన, గ్లాసులో కట్టిన మీగడ, పాలంటే పడనివాళ్లకైతే కాస్త వెగటు కూడా. గదిలో ఒక్క చుక్క పాలు లేవు. ఉన్నదల్లా రెండక్షరాల చప్పుడు. ఇప్పుడు అదే మాటను వీలైనంత వేగంగా, గట్టిగా, ఆపకుండా 30 సెకన్ల పాటు అనమనాలి. పది సెకన్లు దాటేసరికి నాలుక తడబడుతుంది. ‘పాలుపాలు’ కాస్తా ‘లుపాలుపా’ అయిపోతుంది. ఇరవై దాటాక చాలామందికి నవ్వు ఆగదు. చివరికి పెదవులు కలిసి విడిపోవడం, నాలుక పైకి తగలడం తప్ప ఏమీ మిగలదు. తెలుపూ మీగడా ఎటు పోయాయో తెలియదు.

చూడ్డానికి పిల్లల ఆటలా ఉన్నా, మనస్తత్వ శాస్త్రంలో దీనికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. అచ్చులో ఉన్న మాటను అదే పనిగా చాలాసేపు చూస్తూ కూర్చుంటే దాని అర్థం ఎలా జారిపోతుందో 1907లోనే అమెరికాలో ఎలిజబెత్ సెవరెన్స్, మార్గరెట్ వాష్‌బర్న్ నమోదు చేశారు. ఆ తర్వాతి దశాబ్దంలో కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్వర్డ్ టిచెనర్, మాటను పదే పదే పైకి అన్నా ఇదే జరుగుతుందని రాశాడు. 1962లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో లియాన్ జాకోబోవిట్స్ తన డాక్టరేట్ పరిశోధనలో దీనికి ‘సిమాంటిక్ సేషియేషన్’ అని పేరు పెట్టాడు. అర్థానికి మొహం మొత్తడం అన్నమాట. ప్రయోగశాలలో ఇదొక వింతగానే ఉండిపోయింది, వైద్యం చేసేవాళ్ల చేతికి వచ్చేదాకా.

అలా చేతికి తీసుకున్నవారిలో ముఖ్యుడు స్టీవెన్ హేస్. నెవాడా రాష్ట్రం రీనోలోని విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడిగా పనిచేశాడు. అంతకు ముందు 1978లో నార్త్ కరోలినాలో పనిచేస్తున్నప్పుడు, తన డిపార్ట్‌మెంటు సమావేశంలో మాట్లాడబోయి నోరు పెగలక, గుండె దడదడలాడి, తొలి పానిక్ అటాక్ చవిచూశాడు. ఆ తర్వాత కొన్నేళ్లు అది అతన్ని వదల్లేదు. భయాలకు వైద్యం తెలిసిన మనిషికి తన భయంతో తాను చేసే వాదనేదీ పనిచేయలేదు. సహచరులతో కలిసి అతను రూపొందించిన పద్ధతి 1999లో పుస్తకంగా వచ్చింది. దాన్ని యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ అంటారు. పాలు, పాలు అనే అభ్యాసం అందులో ఒక చిన్న ముక్క. ఆలోచనకూ దాన్ని ఆలోచించే మనిషికీ మధ్య అతుకును వదులు చేసే ఈ పనికి అక్కడ పెట్టిన పేరు ‘డీఫ్యూజన్’.

మాటతో చేసే ఈ పని దిగులు మీద ఎందుకు పనిచేయాలి? పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆందోళనను దశాబ్దాల పాటు పరిశీలించిన థామస్ బోర్కోవెక్ ఒక విషయం గమనించాడు. మనం దిగులు పడేటప్పుడు మనసులో నడిచేది బొమ్మలకన్నా ఎక్కువగా మాటలే. ‘ఒకవేళ అలా అయితే? అప్పుడు వీళ్లేమంటారు? అప్పుడు నేనేం చేయాలి?’ అంటూ లోపల ఒక గొంతు ఆగకుండా మాట్లాడుతూనే ఉంటుంది. పైగా ఆ గొంతు మన గొంతే కాబట్టి, దానికి వార్తలు చదివే మనిషికి లేనంత నమ్మకం దొరుకుతుంది. ‘నాకు ఉద్యోగం రాదు’ అన్న వాక్యం లోపల మోగినప్పుడు అదొక వాక్యం అని ఎవరికీ తట్టదు. ఉద్యోగం రాని ఇల్లు, తండ్రి మొహం, చుట్టాల పలకరింపు, అన్నీ అప్పుడే వచ్చి కూర్చుంటాయి. పాలు లేని గదిలో మీగడ వచ్చినట్టే.

పిచ్చి ఆలోచనలు రావడమే జబ్బు అనుకునేవాళ్లు చాలామంది. 13 దేశాల్లో 777 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను అడిగి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దాదాపు 94 శాతం మంది గడిచిన మూడు నెలల్లో తమకు అక్కర్లేని, పిలవని ఆలోచన ఒక్కటైనా వచ్చిందని చెప్పారు. తలుపు తాళం వేశానా లేదా అన్న శంక మొదలుకొని, బయటికి చెప్పుకోలేని హింస, అశ్లీలం దాకా అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. రావడంలో మనుషుల మధ్య పెద్ద తేడా లేదు. తేడా అంతా వచ్చిన తర్వాత దాన్ని ఏమని అనుకుంటారన్న దగ్గరే మొదలవుతుంది.

ఇక్కడ అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: ‘దాని గురించి ఆలోచించకు.’ ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతో చెప్పే మాటే, కానీ పనిచేయదు. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం దీన్ని ఒక తెల్ల ఎలుగుబంటితో పరీక్షించింది. విద్యార్థులను ఒంటరిగా కూర్చోబెట్టి, అయిదు నిమిషాల పాటు మనసులో ఏది వస్తే అది పైకి చెప్పమన్నారు, తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించొద్దన్నారు. అది మనసులోకి వచ్చినప్పుడల్లా గంట మోగించాలి. గంటలు మోగుతూనే ఉన్నాయి. అసలు చిత్రం ఆ తర్వాత జరిగింది. ‘ఇప్పుడు దాని గురించి ఆలోచించండి’ అని అనుమతి ఇచ్చినప్పుడు, ముందు అణచిపెట్టినవాళ్లకు, మొదటినుంచీ హాయిగా ఆలోచించినవాళ్లకన్నా ఎక్కువసార్లు ఎలుగుబంటి వచ్చింది. తలచకూడదు అనుకున్నదాన్ని తలచామో లేదో చూసుకోవాలంటే ముందు అదేమిటో గుర్తుండాలి కదా. అణచడంలోని చిక్కు అదే.

ఆలోచనతో వాదించడం రెండో దారి. ‘రాదని ఎందుకు అనుకుంటున్నావు? ఆధారం ఏమిటి?’ అని అడగడం. ఇది ఎంతోమందికి మేలు చేసింది, చేస్తోంది. కానీ కొన్ని ఆలోచనలతో వాదం తెగదు. రాత్రి రెండింటికి ‘వస్తుంది’ అని ఒక కారణం చెబితే ‘రాదు’ నాలుగు కారణాలు తెస్తుంది. అలాంటి చోట డీఫ్యూజన్ అసలు కేసు విచారణకే వెళ్లదు. ఆ ఆలోచన నిజమా కాదా అన్న ప్రశ్నను పక్కనపెట్టి, అది మనసులో వచ్చిన ఒక మాట అన్నంతవరకే చూపిస్తుంది.

2004లో అకిహికో మసూదా, హేస్, మరి ఇద్దరు కలిసి దీన్ని చిన్న ప్రయోగంగా చేశారు. పాల్గొన్నది 8 మంది విద్యార్థులు మాత్రమే. ఒక్కొక్కరూ తమను బాధించే, తమ గురించి తాము అనుకునే ఆలోచనను ఎంచుకుని, దాన్ని ఒక్క మాటకు కుదించారు. ఆ మాట ఎంత బాధపెడుతోంది, ఎంత నిజమనిపిస్తోంది అని రెండు విడివిడి కొలతలు వేసుకున్నారు. తర్వాత మాటను గబగబా పైకి అనడం, ధ్యాస వేరేదానిమీదికి మళ్లించడం, ఆలోచనను అదుపు చేయబోవడం, వీటిని పోల్చి చూశారు. రెండు కొలతలూ ఎక్కువగా తగ్గింది మాటను పదే పదే అన్నప్పుడు. 2009లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా సూక్ష్మంగా చూసింది: ఎంతసేపు అనాలి? బాధ తగ్గడం 3 నుంచి 10 సెకన్లలోనే అడుగు తాకేసింది. నమ్మకం మాత్రం అంత త్వరగా లొంగలేదు, అది తగ్గి నిలకడకు రావడానికి 20 నుంచి 30 సెకన్లు పట్టింది.

ఈ పద్ధతిలో తెలుసుకోవలసిన అసలు సంగతి ఆ తేడాలోనే ఉంది. పది సెకన్లకు మనిషి తేలికపడి నవ్వేసి ఆపేస్తే, బాధ తగ్గుతుంది గాని ఆలోచన మీద నమ్మకం అంతగా తగ్గదు. కాసేపటికి ఆ నమ్మకమే మళ్లీ బాధను పుట్టిస్తుంది. నవ్వొచ్చిన తర్వాత కూడా ఇంకో ఇరవై సెకన్లు కొనసాగించాలి. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటినుంచీ చివరిదాకా చూద్దాం. హనుమకొండలో ఇద్దరు కుర్రాళ్లు ఒకే అద్దె గదిలో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నారనుకుందాం. అందులో ఒకతనికి పుస్తకం తెరిచినప్పుడల్లా ఒకటే పాట: ‘రెండుసార్లు పోయింది, ఈసారీ పోతుంది, నాన్న డబ్బంతా తగలేస్తున్నా, నేను వేస్ట్.’ పుస్తకం మూసి ఫోన్ తీస్తాడు. గంట పోతుంది. పోయిన గంటను చూసి ఆ పాటే ఇంకాస్త గట్టిగా మొదలవుతుంది.

మొదట ఆ ఆలోచనను ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసుకోవాలి. అంత పొడుగు వాక్యాన్ని గబగబా అనలేం కాబట్టి, అందులో ఎక్కువగా గుచ్చుకునే మాటను పట్టుకోవాలి. ఇక్కడ అది ‘వేస్ట్’. ఒకటి రెండు అక్షరాల మాటయితే నాలుక మీద బాగా ఆడుతుంది. ఆ మాట పక్కన సున్నా నుంచి నూరు మధ్య రెండు అంకెలు వేయాలి. వింటే ఎంత బాధగా ఉంది? 80 అనుకుందాం. ఎంత నిజమనిపిస్తోంది? 85. ఈ అంకెలు వేయడం చాదస్తంలా అనిపిస్తుంది, కానీ వేయకపోతే తర్వాత ఏది తగ్గిందో తెలియదు.

వెంటనే ‘వేస్ట్’ మీదికి పోకూడదు. ముందు ‘పాలు’తో ఒకసారి చేసి, అర్థం జారిపోవడం అంటే ఏమిటో నోటికి తెలియనివ్వాలి. ఆ తర్వాత ఫోన్‌లో 30 సెకన్ల టైమర్ పెట్టుకుని, పైకి, గట్టిగా, వేగంగా: వేస్ట్ వేస్ట్ వేస్ట్ వేస్ట్. పక్క మంచం మీద పడుకున్న స్నేహితుడు లేచి ‘ఏంరా, పిచ్చి లేసిందా?’ అంటాడు. అనవచ్చు. ఆపకూడదు. పదిహేను సెకన్లకు ఆ మాట ‘స్టువే స్టువే’ అనే ఏదో అర్థం లేని చప్పుడుగా మారుతుంది. టైమర్ మోగాక మళ్లీ అంకెలు. బాధ 40, నమ్మకం 60 అయిందనుకుందాం. సున్నా కాలేదేమని కంగారు పడనక్కర్లేదు. నమ్మకం 85 ఉన్నప్పుడు పుస్తకం మూసినవాడు 60 దగ్గర దాన్ని తెరవగలుగుతాడు. అంకెలు వేసిన వెంటనే, నీళ్లు తాగి రావడం కూడా లేకుండా, మూసిన చోటనుంచి పాలిటీ చాప్టర్ మొదలుపెట్టాలి. అభ్యాసంలో ఇది చివరి మెట్టు, దీన్ని వదిలేస్తే పైదంతా గొంతు నొప్పికే.

చదువుకునే హాల్లోనో బస్సులోనో అరవలేం. అలాంటి చోట పనికొచ్చే నిశ్శబ్దపు రూపం ఒకటుంది. ‘నేను వేస్ట్’ అన్న వాక్యంతో పది సెకన్లు ఉండాలి, పూర్తిగా నమ్ముతున్నట్టే. తర్వాత ‘నేను వేస్ట్ అనే ఆలోచన నాకు వస్తోంది’ అని మనసులో అనుకుని మరో పది సెకన్లు. ఆ తర్వాత ‘నేను వేస్ట్ అనే ఆలోచన నాకు వస్తోందని గమనిస్తున్నాను’ అని ఇంకో పది. వాక్యం పొడుగవుతున్నకొద్దీ దానికీ మనిషికీ మధ్య కాస్త చోటు ఏర్పడుతుంది. ఇందులో నవ్వు రాదు, ప్రభావం కూడా చప్పుడు చేసేదానంత నాటకీయంగా ఉండదు. కానీ రోజులో ఎన్నిసార్లయినా, ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు.

ఇంచుమించు ఈ నిశ్శబ్దపు రూపాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ శరణార్థి శిబిరాలకు తీసుకెళ్లింది. ‘సెల్ఫ్ హెల్ప్ ప్లస్’ అనే ఆ కార్యక్రమంలో చిక్కుకున్న ఆలోచన విషయంలో చేయాల్సింది మూడే: గమనించడం, దానికి పేరు పెట్టడం, చేస్తున్న పని మీదికి ధ్యాస తిరిగి తేవడం. ఉగాండాలోని రైనో శిబిరంలో 694 మంది దక్షిణ సూడాన్ స్త్రీలతో దీన్ని పరీక్షించారు. చికిత్సలో నిపుణులు కాని వాళ్లే, రికార్డు చేసిన ఆడియోను వినిపిస్తూ, వారానికో గుంపు సమావేశం చొప్పున అయిదు నడిపారు. మూడు నెలల తర్వాత చూస్తే, కార్యక్రమంలో పాల్గొన్నవాళ్లలో మానసిక క్షోభ మిగతావాళ్లకన్నా తక్కువగా ఉందని 2020లో ఫలితాలు వచ్చాయి. ఇల్లు, ఊరు పోగొట్టుకున్న ఆ స్త్రీల దిగుళ్లలో చాలావాటికి నిజమైన కారణాలే ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. వాళ్లకు ‘అది అబద్ధం’ అని చెప్పి ప్రయోజనం లేదు, ఎవరూ చెప్పలేదు కూడా. అయితే అక్కడ శ్వాస, దయ, విలువలు అంటూ ఇంకా చాలా ఉన్నాయి. ఆ ఫలితమంతా ఒక్క డీఫ్యూజన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు.

అభ్యాసం చెడిపోయే తీరు ఎక్కువగా ఒక్కటే. మనిషి దాన్ని ఆలోచనను తరిమే కర్రగా వాడటం మొదలుపెడతాడు. 30 సెకన్లు అనేసి, ‘పోయిందా?’ అని లోపలికి తొంగి చూస్తాడు. చూడగానే అది ఉంటుంది, ఎలుగుబంటి ఉన్నట్టే. మళ్లీ చేస్తాడు, మళ్లీ చూస్తాడు. తొంగి చూస్తున్నానని గమనించినవాడు వెంటనే టైమర్ పక్కన పెట్టేయడం మంచిది. ఇంకో పొరపాటు, మాటను నెమ్మదిగా, ఏడుపు గొంతుతో అనడం. అలా అంటే అర్థం జారదు సరికదా, ఇంకా లోతుకు దిగుతుంది. వేగం తగ్గితే ఇది అభ్యాసం కాదు, తనను తాను తిట్టుకోవడమే.

శంక జబ్బు, అంటే ఓసీడీ ఉన్నవాళ్ల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. సరిగ్గా ఇన్నిసార్లే అనాలి, మధ్యలో ఆగితే మొదటినుంచి మొదలుపెట్టాలి, ‘సరిగ్గా వచ్చింది’ అనిపించేదాకా ఆపకూడదు అని మనిషికి అనిపించడం మొదలైతే, చేతులు కడగడంలాగే ఇదీ ఒక తంతుగా మారిందని అర్థం. అప్పుడు సొంతంగా కొనసాగించడంకన్నా ఆ జబ్బుకు వైద్యం చేసే సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవడమే సరైన దారి.

కొన్ని దిగుళ్లు అసలు దీని పరిధిలోకే రావు. రేపటితో కరెంటు బిల్లు గడువు తీరుతుందన్న దిగులుకు చేయాల్సింది బిల్లు కట్టడం. ఛాతీలో నొప్పి వచ్చి ‘గుండెపోటేమో’ అనుకునే మనిషి చేయాల్సింది ఆసుపత్రికి పోవడం. ఇంట్లో కొడతారన్న భయం ఆలోచన కాదు, ప్రమాదం. వడపోతకు ఒక్క ప్రశ్న చాలు: దీనికి ఇవాళ నేను చేయగల పని ఏదైనా ఉందా? ఉంటే ముందు అదే. చేసేసిన తర్వాత కూడా అదే వాక్యం తిరుగుతూ ఉంటేనే టైమర్. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే దీనితో ప్రయోగాలు చేస్తూ కూర్చోకుండా మనిషితో మాట్లాడాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఈ పద్ధతి పాత పద్ధతిని ఓడించిందా అని అడిగేవాళ్లుంటారు. ఆందోళన జబ్బులున్న 128 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆలోచనలతో వాదించడం నేర్పే సీబీటీ, ఇంకో గుంపుకు హేస్ పద్ధతి ఇచ్చి 2012లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, చికిత్స ముగిసేసరికి రెండు గుంపులవాళ్లూ ఇంచుమించు సమానంగానే బాగుపడ్డారు. నిజానికి సీబీటీకి పునాది వేసిన ఆరన్ బెక్ కూడా ఆలోచననుంచి కాస్త ఎడంగా నిలబడి చూడటం అవసరమనే చెప్పాడు. ఎడంగా నిలబడ్డాక వాదన కూడా కావాలా అన్న దగ్గరే రెండు బడుల మధ్య తగవు. ఎవరిది పైచేయి అన్న చర్చ పత్రికలకు ఇష్టమేగాని, హనుమకొండ కుర్రాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అతనికి ఏది చేస్తే పుస్తకం తెరుచుకుంటుందో అదే కావాలి.

మసూదా బృందం అంకెలు తీసుకున్నది మాట అనడం ముగిసిన వెంటనే. మొహం మొత్తిన అర్థం ఎక్కువసేపు అలా ఉండదు. గంట గడిస్తే ‘పాలు’ మళ్లీ పాలే, ‘వేస్ట్’ మళ్లీ వేస్టే. అందుకే వారం తర్వాత ఆ కాగితం మీద బాధ ఎంత, నమ్మకం ఎంత అని మళ్లీ మళ్లీ చూసుకోవడంకన్నా, ఇంకో వరస గీసుకోవడం మేలు. ఆ ఆలోచన వచ్చిన సాయంత్రాలు ఎన్ని, వచ్చినా కూర్చుని చదివినవి ఎన్ని. మొదటి అంకె నాలుగు వారాల్లో ఏమాత్రం తగ్గకపోవచ్చు. రెండోది పెరుగుతూ ఉంటే అభ్యాసం పనిచేస్తున్నట్టే. రెండూ కదలకుండా, నిద్ర, తిండి కూడా దెబ్బతింటూ రెండు వారాలు దాటితే ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని డాక్టరు దగ్గరికి పోవచ్చు. ఏ ఆలోచన, ఎన్నిసార్లు, దానివల్ల ఏ పని ఆగిపోతోంది అని డాక్టరు మొదట అడిగే ప్రశ్నలకు జవాబులు అప్పటికే దానిమీద ఉంటాయి.